రౌత్ పట్టికలో వరుస మొత్తం సున్నా అయినప్పుడు ε వేయవచ్చా?

ప్రణతి_ఈఈఈ

లక్షణ సమీకరణం ఇది:

s^5 + 2s^4 + 5s^3 + 10s^2 + 4s + 8 = 0

రౌత్ పట్టికలో మొదటి అడ్డు వరుస 1, 5, 4. రెండోది 2, 10, 8. మూడోది, అంటే s^3 వరుస, మొత్తం సున్నాలే. మొదటి నిలువు వరుసలో సున్నా వస్తే దాని స్థానంలో ε అనే చాలా చిన్న ధనసంఖ్య వేసి ముందుకు వెళ్లాలని తరగతిలో చెప్పారు కాబట్టి ఆ వరుసను ε, 0 గా తీసుకున్నాను. అప్పుడు s^2 వరుస 10, 8 అయింది, s^1 వరుసలో −0.8ε వచ్చింది, చివర 8 మిగిలింది. గుర్తు రెండుసార్లు మారింది గనుక కుడి అర్ధతలంలో రెండు మూలాలు ఉన్నాయని రాశాను. నా స్నేహితురాలు ఆక్సిలరీ బహుపదిని అవకలనం చేసి, గుర్తు మార్పు ఒక్కటీ లేదని తేల్చింది. రెండు పద్ధతులూ మా పుస్తకంలో ఉన్నాయి. జవాబులు మాత్రం ఎందుకు కలవడం లేదు?

తెనాలి_లెక్కలు

మీ స్నేహితురాలి జవాబు సరైనది. s^5 + 2s^4 + 5s^3 + 10s^2 + 4s + 8 అనేది (s+2)(s^2+1)(s^2+4) యొక్క విస్తరణ. మూలాలు −2, ±j, ±2j. కుడివైపు ఒక్కటీ లేదు. ε పద్ధతి మొదటి సంఖ్య మాత్రమే సున్నా అయి, ఆ వరుసలో ఇంకేదైనా సున్నా కానిది ఉన్నప్పుడు వాడేది. వరుస మొత్తం పోయినప్పుడు అవకలనమే చేయాలి. ఇది నియమం, గుర్తుపెట్టుకుంటే చాలు.

సాగర్_పవర్

సమీకరణంలో ఏ గుణకమైనా సున్నా అయితే వ్యవస్థ స్థిరం కాదని పట్టిక వేయకుండానే చెప్పవచ్చు కదా? ఇంత శ్రమ ఎందుకు?

తెనాలి_లెక్కలు

సాగర్ గారూ, ప్రణతి ఇచ్చిన సమీకరణంలో గుణకాలన్నీ ధనాత్మకంగానే ఉన్నాయి, ఏదీ లోపించలేదు. సున్నా వచ్చింది పట్టిక లోపల. మీరు చెప్పిన పరీక్ష ఇక్కడ ఏమీ పట్టుకోదు.

ప్రణతి_ఈఈఈ

నియమం ఏమిటో తెలిసింది. కానీ మొత్తం సున్నా అయిన వరుసలోనూ మొదటి సంఖ్య సున్నానే కదా. అక్కడ ε ఎందుకు పనిచేయదో తెలియకపోతే, పరీక్షలో కాస్త వేరే రూపంలో వస్తే మళ్లీ తడబడతాను.

రిటైర్డ్_కంట్రోల్స్

ప్రణతీ, అడగవలసిన ప్రశ్న అదే. కొంచెం నిదానంగా రాస్తాను.

రౌత్ పట్టికలో మొదటి రెండు వరుసలు బహుపదిలోని బేసి ఘాతాల భాగం, సరి ఘాతాల భాగం. ఆ తర్వాత జరిగేదంతా ఆ రెండింటి మధ్య భాగహారమే; గ.సా.భా. కనుక్కునేటప్పుడు శేషాలు తీసుకుంటూ పోయినట్లు పట్టిక కిందికి దిగుతుంది. ఒక వరుస మొత్తం సున్నా అయిందంటే భాగహారం శేషం లేకుండా ముగిసిందని అర్థం. అంటే దాని పైనున్న వరుస ఆ రెండు భాగాలకూ ఉమ్మడి కారణాంకం, కాబట్టి అసలు బహుపదికి కూడా కారణాంకమే. నీ లెక్కలో అది 2s^4 + 10s^2 + 8. ఇందులో సరి ఘాతాలే ఉన్నాయి కనుక దీని మూలాలు మూలబిందువుకు సౌష్ఠవంగా ఉంటాయి: s ఒక మూలమైతే −s కూడా మూలమే.

ఇప్పుడు ε సంగతి. ఆ సున్నా వరుసలో నువ్వు ఏది వేసినా, బహుపదిని రవ్వంత మార్చినట్లే. మామూలు మూలాలు రవ్వంత మార్పుకు తాము ఉన్న అర్ధతలం దాటి పోవు. కానీ jω అక్షం మీద కూర్చున్న మూలాలు ఎంత చిన్న మార్పుకైనా అటో ఇటో జరగవచ్చు. ఎటు జరుగుతాయన్నది నువ్వు వేసిన సంఖ్యలను బట్టి ఉంటుంది. ε, 0 వేస్తే నీకు రెండు గుర్తు మార్పులు వచ్చాయి. అదే చోట ε, ε వేసి చూడు: s^2 వరుస 8, 8 అవుతుంది, s^1 వరుస మళ్లీ సున్నా అవుతుంది, అక్కడ ఇంకో ε వేస్తే గుర్తు మార్పే ఉండదు. అంటే నీ పట్టిక చెప్పింది అసలు వ్యవస్థ గురించి కాదు, నువ్వు ఎంచుకున్న ε గురించి.

ప్రణతి_ఈఈఈ

ε, ε వేసి చూశాను, మీరు చెప్పినట్లే మార్పు లేదు. కానీ సార్, అవకలనం చేసి వేయడం కూడా బయటి నుంచి ఏదో తెచ్చి పెట్టడమే కదా. అది మాత్రం సరైన జవాబు ఎందుకిస్తుంది?

రిటైర్డ్_కంట్రోల్స్

అవకలనం కూడా బహుపదిని మార్చడమే, నువ్వన్నది నిజం. కానీ ఏ దిశలో మారుస్తున్నామో మనకు ముందే తెలుసు.

ఆక్సిలరీ బహుపదిని A(s) అనుకో. సున్నా వరుసలో A′(s) గుణకాలను వేసినప్పుడు, ఆ వరుస నుంచి కింది పట్టిక A(s) + ηA′(s) అనే బహుపదికి సంబంధించిన పట్టిక అవుతుంది. η ఏ ధనసంఖ్య అయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఒక వరుసను ధనసంఖ్యతో గుణిస్తే గుర్తులు మారవు. కాబట్టి η ను ఎంతో చిన్నదిగా తీసుకోవచ్చు. అప్పుడు A(s) + ηA′(s) అనేది దాదాపు A(s+η). A(s+η) మూలాలంటే A(s) మూలాలన్నీ η అంత ఎడమకు జరిగినవి. అక్షం మీద ఉన్నవి ఎడమవైపుకు వెళ్తాయి, కుడివైపు ఉన్నవి ఇంకా కుడివైపే ఉంటాయి. అందువల్ల A వరుస నుంచి కిందికి వచ్చే గుర్తు మార్పుల సంఖ్య, A(s) కు కుడివైపు ఉన్న మూలాల సంఖ్యే అవుతుంది, అక్షం మీదివి అందులో కలవవు. ఎన్ని కుడివైపు ఉన్నాయో సౌష్ఠవం వల్ల అన్నే ఎడమవైపు ఉంటాయి. మిగిలినవే అక్షం మీదివి.

నీ లెక్కలో A′ = 8s^3 + 20s. వరుస 8, 20 వేస్తే కింద 5, 8, ఆ తర్వాత 7.2, చివర 8. మార్పు లేదు. A లోని నాలుగు మూలాలూ అక్షం మీదే ఉన్నాయన్నమాట.

తెనాలి_లెక్కలు

ఇన్నేళ్లుగా పిల్లలకు నియమంగా చెబుతున్న దానికి ఇంత సూటి కారణం ఉందని ఎక్కడా చూడలేదు. మాస్టారికి ధన్యవాదాలు.

ఒక్క మాట చేరుస్తాను. వరుస మొత్తం సున్నా అయిందంటే వ్యవస్థ డోలనం చేస్తుందని, అంటే స్థిరత్వపు అంచున ఉందని వెంటనే రాసేయవచ్చు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఆ ఒక్క గుర్తుతో సమయం చాలా కలిసి వస్తుంది.

రవళి_మెకాట్రానిక్స్

తెనాలి గారూ, ఆ చివరి మాటతో నేను ఏకీభవించలేను. సౌష్ఠవం అంటే అక్షం మీదే ఉండాలని లేదు. ఈ సమీకరణాన్ని చూడండి:

s^5 + 2s^4 + s^3 + 2s^2 + s + 2 = 0

గుణకాలన్నీ ధనాత్మకం. పట్టికలో 1, 1, 1 కింద 2, 2, 2. ఆ వెంటనే s^3 వరుస మొత్తం సున్నా. ఇంతవరకు ప్రణతి లెక్కలాగే ఉంది. A = 2s^4 + 2s^2 + 2, A′ = 8s^3 + 4s. వరుస 8, 4 వేస్తే s^2 వరుస 1, 2 అవుతుంది, s^1 వరుస −12, చివర 2. రెండు గుర్తు మార్పులు. మూలాలు 0.5 ± j0.866, వాటికి అద్దంలా −0.5 ± j0.866, ఇంకొకటి −2. అక్షం మీద ఒక్కటీ లేదు. మీ గుర్తుతో దీన్ని స్థిరత్వపు అంచున ఉందని రాసిన విద్యార్థి మార్కు పోగొట్టుకుంటాడు. సున్నా వరుస కనబడగానే ఆగకుండా పట్టికను చివరి దాకా దింపాలి, లేదా A(s) = 0 ను సాధించాలి.

తెనాలి_లెక్కలు

ఇది ఒప్పుకోవలసిందే. అయితే K విలువ కనుక్కునే మూడో ఘాతపు లెక్కల్లో, మిగతా గుణకాలన్నీ ధనాత్మకంగా ఉన్నప్పుడు A(s) ఎప్పుడూ రెండో ఘాతంలోనే వస్తుంది, రెండు గుణకాలూ ధనాత్మకమే అవుతాయి. అక్కడ నా గుర్తు పనిచేస్తుంది.

రవళి_మెకాట్రానిక్స్

ఆ షరతుతో చెబితే అభ్యంతరం లేదు.

మోటారు_శ్రీను

మా ప్రయోగశాలలో సరిగ్గా ఆ మూడో ఘాతపు సందర్భమే ఎదురైంది. మోటారు స్థాన నియంత్రణకు మేము తీసుకున్న నమూనా K/(s(s+2)(s+4)). లక్షణ సమీకరణం s^3 + 6s^2 + 8s + K. s^1 వరుస (48 − K)/6 కాబట్టి K = 48 దగ్గర అది మాయమవుతుంది. A = 6s^2 + 48, అందుచేత ω = √8, సుమారు 2.83 రేడియన్లు సెకనుకు, ఆవర్తన కాలం దాదాపు 2.2 సెకన్లు. గెయిన్ పెంచుతూ పోతే మోటారు నిజంగానే ఆ దరిదాపుల్లో ఊగడం మొదలుపెట్టింది.

అయితే K ను 48 దాటించి ఇంకా పెంచినా ఊపు అంతకంతకూ పెరిగిపోకుండా ఒక పరిమాణం దగ్గర నిలిచిపోయింది, ఆవర్తన కాలం కూడా పెద్దగా మారలేదు. పట్టిక ప్రకారం K = 60 అయితే కుడివైపు మూలాలు ఉండాలి, ఊపు పెరుగుతూనే పోవాలి. పట్టిక తప్పా, మా నమూనా తప్పా?

రిటైర్డ్_కంట్రోల్స్

రెండూ తప్పు కాదు శ్రీనూ, ఊపు చిన్నగా ఉన్నంతవరకు. పట్టిక రేఖీయ నమూనాకే వర్తిస్తుంది. మోటారును నడిపే ఆంప్లిఫయర్ ఒక వోల్టేజీ దాటి ఇవ్వలేదు. ఊపు పెద్దదయ్యే కొద్దీ అది హద్దు తాకి, సగటున చూస్తే గెయిన్ తగ్గినట్లు పనిచేస్తుంది. ఆ సగటు గెయిన్ 48 దగ్గరకు దిగినప్పుడు ఊపు నిలకడగా ఉంటుంది. ఆ హద్దు గెయిన్‌నే తగ్గిస్తుంది గానీ దశను మార్చదు గనుక పౌనఃపున్యం 2.83 దగ్గరే ఉండిపోయింది. సున్నా వరుస ఇచ్చిన ω విలువ మీకు K = 60 దగ్గర కూడా ఉపయోగపడడానికి కారణం అదే.

కావ్య_కోడ్

నేను పట్టికను ప్రోగ్రాముగా రాశాను. సున్నా వస్తే గుర్తించమని షరతు పెట్టాను, కానీ గుణకాలు దశాంశాల్లో ఉన్నప్పుడు ఆ షరతు చాలాసార్లు తాకడమే లేదు. కాగితం మీద సున్నా వచ్చే చోట కంప్యూటరు చిన్న సంఖ్య ఒకటి చూపుతుంది. అది ε లాంటిదే కదా, అలాగే వదిలేస్తే సరిపోదా?

రవళి_మెకాట్రానిక్స్

సరిపోదు, కావ్య గారూ. ఆ చిన్న సంఖ్య గుర్తు మీ చేతిలో లేదు. వరుస మొత్తం సున్నా కావలసిన చోట రెండు మూడు అలాంటి చిన్న సంఖ్యలు వస్తే, పైన మాస్టారు చెప్పినట్లు అక్షం మీది మూలాలు ఎటు పడతాయో చెప్పలేం, కింది వరుసలన్నీ ఆ చెత్త సంఖ్యల భాగఫలాలే అవుతాయి. భిన్నాలతో చేయండి, తేడా ఇక్కడే కనిపిస్తుంది:

```
>>> 0.1*3 - 0.3
5.551115123125783e-17
>>> from fractions import Fraction as F
>>> F('0.1')*3 - F('0.3')
Fraction(0, 1)
```

గుణకాలను కొటేషన్ల మధ్య ఇవ్వడం మరచిపోవద్దు. F(0.1) అని రాస్తే దశాంశపు దోషం భిన్నంలోకి కూడా వచ్చేస్తుంది.

సాగర్_పవర్

సంఖ్యలే ఉన్నప్పుడు కంప్యూటరులో నేరుగా మూలాలు కనుక్కుంటే పోతుంది కదా.

కావ్య_కోడ్

సంఖ్యలే ఉంటే నిజమే. కానీ K తెలియకుండా హద్దు కావాలంటే పట్టికే సులువు, అందుకే దీన్ని రాస్తున్నాను.

ప్రణతి_ఈఈఈ

ఇప్పటిదాకా వరుస మొత్తం పోయిన సంగతే మాట్లాడుకున్నాం. మొదటి సంఖ్య ఒక్కటే సున్నా అయినప్పుడు ε ను ధనాత్మకంగా తీసుకోవాలా, ఋణాత్మకంగా తీసుకోవాలా అన్నది కూడా జవాబును మారుస్తుందా? s^4 + 2s^3 + 3s^2 + 6s + 5 లో s^2 వరుస 0, 5 వచ్చింది. ε వేస్తే కింద 6 − 10/ε. ε ధనాత్మకమైతే అది ఋణాత్మకం, కాబట్టి రెండు మార్పులు. ε ఋణాత్మకమైనా 1, 2 తర్వాత ఋణం, తర్వాత ధనం, మళ్లీ రెండే మార్పులు. రెండు విధాలా కలిసింది.

రిటైర్డ్_కంట్రోల్స్

ఇక్కడ కలవాలి, కలిసింది. మూలాలు సుమారు 0.30 ± j1.62, −1.30 ± j0.38. అక్షం మీద ఏదీ లేదు కనుక చిన్న మార్పుకు ఏదీ అక్షం దాటదు.

ఇప్పుడు ఇదే బహుపదిని s^2 + 1 తో గుణించు:

s^6 + 2s^5 + 4s^4 + 8s^3 + 8s^2 + 6s + 5

మొదటి వరుస 1, 4, 8, 5. రెండోది 2, 8, 6. s^4 వరుస 0, 5, 5. మొదటి సంఖ్య ఒక్కటే సున్నా, కాబట్టి నియమం ప్రకారం ε వేయాలి. కిందికి దిగితే s^3 వరుస 8 − 10/ε, 6 − 10/ε. s^2 వరుస దాదాపు 5, 5. s^1 దగ్గర జాగ్రత్తగా లెక్క కడితే −0.8ε వస్తుంది. ε ధనాత్మకమైతే నాలుగు గుర్తు మార్పులు, ఋణాత్మకమైతే రెండు. అసలు కుడివైపు ఉన్నవి రెండే.

అంటే ఒకే పట్టికలో రెండు చిక్కులూ కలిసి ఉన్నాయి. s^1 దగ్గర ε ను సున్నా వైపు తీసుకెళ్తే ఆ వరుస పూర్తిగా మాయమవుతుందని గమనించి, అక్కడ 5s^2 + 5 ను అవకలనం చేసి 10 వేయాలి. అప్పుడు ఏ గుర్తుతో చూసినా రెండే వస్తాయి. ε గుర్తు మార్చినప్పుడు జవాబు మారిందంటే అక్షం మీద మూలాలు దాగి ఉన్నట్లే అనుకుని వెతుకు.

రవళి_మెకాట్రానిక్స్

ఇలాంటి చోట నేను ε జోలికే వెళ్లను. s బదులు 1/x వేస్తే గుణకాలు తిరగబడతాయి: 5, 6, 8, 8, 4, 2, 1. స్థిరపదం సున్నా కానంతవరకు 1/s వాస్తవ భాగానికి s వాస్తవ భాగపు గుర్తే ఉంటుంది, అందుచేత లెక్క మారదు. మొదటి నిలువు వరుస 5, 6, 4/3, −2.5, 1 అని ఏ సున్నా లేకుండా దిగుతుంది. x^1 వరుస సున్నా అవుతుంది, దాని పైన x^2 + 1 స్పష్టంగా కనిపిస్తుంది. 2 వేస్తే చివర 1. మొత్తం రెండు మార్పులు. ε ను పాఠ్యాంశం నుంచి తీసివేసి ఇదే నేర్పాలన్నది నా అభిప్రాయం.

తెనాలి_లెక్కలు

తిరగేసినా మొదటి నిలువు వరుసలో మళ్లీ సున్నా రాదన్న హామీ లేదు. పైగా స్థిరపదంలో K ఉంటే తిరగేసిన పట్టికలో అదే మొదటి గుణకం అవుతుంది, ప్రతి వరుసలోకీ పాకుతుంది. చేత్తో చేసే పిల్లలకు అది పెద్ద భారం. ε ఉండనివ్వాలి, మాస్టారు చూపిన హెచ్చరికతో.

మోటారు_శ్రీను

వ్యవస్థ స్థిరమా కాదా అన్నది ఒక్కటే కావాలంటే, మొదటి నిలువు వరుసలో సున్నా కనబడగానే ఆపేయవచ్చా?

రిటైర్డ్_కంట్రోల్స్

ఆపేయవచ్చు. మూలాలన్నీ ఎడమవైపే ఉంటే మొదటి నిలువు వరుసలో సున్నా రానే రాదు. ε, అవకలనం, తిరగేయడం, ఇవన్నీ కుడివైపు ఎన్ని ఉన్నాయి, అక్షం మీద ఎన్ని ఉన్నాయి అని లెక్కించడానికే.

ప్రణతి_ఈఈఈ

అయితే A(s) మూలాలన్నీ అక్షం మీదే ఉండి, గుర్తు మార్పు లేకపోతే, స్థిరత్వపు అంచున ఉందని ధైర్యంగా రాయవచ్చు కదా?

రవళి_మెకాట్రానిక్స్

ఇంకా ఒకటి చూడాలి. (s+2)(s^2+2)^2 తీసుకో, అంటే s^5 + 2s^4 + 4s^3 + 8s^2 + 4s + 8. s^3 వరుస సున్నా. A = 2s^4 + 8s^2 + 8, వరుస 8, 16. s^2 వరుస 4, 8. s^1 వరుస మళ్లీ సున్నా. అక్కడ 4s^2 + 8 ను అవకలనం చేసి 8 వేస్తే చివర 8. గుర్తు మార్పు ఎక్కడా లేదు, అయినా ±j√2 రెండేసి సార్లు ఉన్న మూలం కనుక స్పందనలో t·cos(√2 t) లాంటి పదం వచ్చి ఊపు పెరుగుతూనే పోతుంది. గుర్తులను మాత్రమే చూసినవారికి ఇది కనిపించదు.

రిటైర్డ్_కంట్రోల్స్

రెండోసారి వరుస మాయం కావడం యాదృచ్ఛికం కాదు. అక్షం మీద ఒక మూలం m సార్లు ఉంటే, A′ లో అది m − 1 సార్లు ఉంటుంది. అందువల్ల A + ηA′ చేసినప్పుడు ఒక్కటే ఎడమకు జరుగుతుంది, m − 1 అక్షం మీదే మిగులుతాయి. ఆ మిగిలినవే కింద మళ్లీ సున్నా వరుసను తెస్తాయి. పట్టికలో రెండో సున్నా వరుస కనిపిస్తే పునరావృత మూలం ఉన్నట్లే; అది అక్షం మీదే ఉందని గుర్తు మార్పులు లేకపోవడం చెబుతుంది.

ప్రణతి_ఈఈఈ

మా లెక్కలో రెండో సున్నా వరుస రాలేదు, ±j, ±2j ఒక్కొక్కసారే ఉన్నాయి. కాబట్టి స్థిరత్వపు అంచునే అని రాస్తాను.

సాగర్_పవర్

మా సారు అలాంటివాటిని కూడా అస్థిరం అనే రాయమంటారు. ఇన్‌పుట్ cos t ఇస్తే అవుట్‌పుట్ హద్దు లేకుండా పెరుగుతుంది కదా.

తెనాలి_లెక్కలు

ప్రశ్నలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ ప్రస్తావన ఉంటే మీ సారు చెప్పింది నిజం. అది లేకుండా లక్షణ సమీకరణం మాత్రమే ఇస్తే అంచున ఉందని రాసినవారికే నేను మార్కులు వేస్తాను.

రవళి_మెకాట్రానిక్స్

నేనైతే రెండూ రాయమంటాను: మూలాలు ఎక్కడ ఉన్నాయో రాసి, ఆ తర్వాత ఏ అర్థంలో స్థిరం, ఏ అర్థంలో కాదు అన్నది. మూల్యాంకనం చేసేవారు ఏది కోరతారో ఒక్కో చోట ఒక్కో తీరు.